మృదంగంపై చేయి ముందు, చప్పుడు వెనక

రెండు గంటల సంగీత కచేరీ. బొమ్మను కెమెరా పట్టింది, పాటను విడిగా ఒక సౌండ్ రికార్డరు పట్టింది. ఎడిటింగులో మొదటి చప్పట్ల దగ్గర రెండింటినీ కలిపారు. వర్ణం మొదలైనప్పుడు పెదవికీ మాటకీ తేడా లేదు. గంటన్నర దాటి తని ఆవర్తనం వచ్చేసరికి మాత్రం మృదంగం మీద చేయి పడిన ఐదు సెకన్లకు గానీ దెబ్బ వినిపించడం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ఆడియోను ఐదు సెకన్లు జరిపేస్తారు. తని కుదురుతుంది, వర్ణం చెడుతుంది. మొదట్లో లేని తేడా పోనుపోను పెరుగుతోందంటే అది జరపడంతో పోయే జబ్బు కాదు. రెండింటిలో ఒకటి వేగంగా నడుస్తోందన్నమాట.

మన కచేరీలో వేగంగా నడిచింది బొమ్మ. కెమెరా మెనూలో 24 అని ఉన్నా చాలా కెమెరాలు నిజానికి తీసేది సెకనుకు 23.976 ఫ్రేములు. ఈ వింత అంకె అమెరికా టీవీ నుంచి వచ్చింది. 1953లో అక్కడ రంగుల ప్రసారానికి ప్రమాణం ఖరారు చేసినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతానికి అడ్డు తగలకుండా 30 ఫ్రేముల వేగాన్ని వెయ్యిన్నొకటో వంతు తగ్గించి 29.97 చేశారు. దాంతో పాటే సినిమా 24 కూడా వీడియోలో 23.976 అయింది. 25 ఫ్రేముల పాల్ పద్ధతి ఎంచుకున్న మన దూరదర్శన్‌కు ఈ దశాంశాల గొడవ లేదు. కెమెరాలతో పాటు అది మన ఇంటికీ వచ్చింది.

ఎడిటరు ఆ ఫైలును నిఖార్సైన 24గా చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాడు. ఫ్రేములు అవే, పరుగు మాత్రం వెయ్యింట ఒక వంతు పెరిగింది. నిమిషానికి 0.06 సెకను అంటే ఎవరికీ పట్టదు. ధ్వని బొమ్మకంటే సుమారు 125 మిల్లీసెకన్లు వెనకబడితే చూసేవాళ్లు పసిగడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్క. ధ్వని ముందొస్తే 45కే తెలిసిపోతుంది. ఆ లెక్కన ఈ వీడియో రెండు నిమిషాలు దాటగానే కంట్లో నలుసవుతుంది, రెండు గంటలకు ఏడు సెకన్లు తప్పుతుంది. మందు కూడా అక్కడే ఉంది. ఫైలును మళ్లీ 23.976గా చదివిస్తే చాలు, ఆడియోను ముట్టుకోనక్కర్లేదు.

ఇదే కచేరీని 25 ఫ్రేములకు మార్చి ఇమ్మన్నారనుకోండి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిడివి మారుతుందా? సెకనుకు దాదాపు ఒక ఫ్రేమును రెండుసార్లు చూపించి 25 చేస్తే నిడివి అలాగే ఉంటుంది, ఆడియో జోలికి పోకూడదు. కదలికలో చిన్న కుదుపు మిగులుతుంది. ఉన్న ఫ్రేములనే 25 వేగంతో పరిగెత్తిస్తే కుదుపు ఉండదు గానీ రెండు గంటలు 115 నిమిషాల 5 సెకన్లకు కుదించుకుపోతాయి. అప్పుడు ఆడియోనూ అంతే కుదించాలి. టేపును వేగంగా తిప్పినట్టు కుదిస్తే శ్రుతి ముప్పావు అర్ధస్వరం దాకా లేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడిన మనిషి ఒకటిన్నరకు దగ్గరవుతాడు. కచేరీకి ఇది ఘోరమే. శ్రుతి కదలకుండా కుదించాలంటే ffmpegలో ఇలా:

```
ffmpeg -i pata.wav -af atempo=1.0427083 pata25.wav
```

అన్ని దశాంశాలు చాదస్తం కాదు. 1.04 అని గుండ్రం చేస్తే చివరికి 18 సెకన్లు తేడా వస్తుంది.

ఫ్రేముల లెక్కంతా సరిచేశాక కూడా చివర్లో కాస్త తేడా మిగలవచ్చు. కెమెరాలో ఒక క్వార్ట్జ్ స్ఫటికం, రికార్డరులో మరొకటి. ఒకే గదిలోని రెండు గోడ గడియారాల్లా అవి కచ్చితంగా ఒక్కలా నడవవు. పది లక్షల్లో 30 వంతులు తేడా ఉంటే రెండు గంటలకు 0.2 సెకను దాటుతుంది. మూడు నిమిషాల పాటలో ఇది కనిపించదు, పొడుగు రికార్డింగులోనే బయటపడుతుంది. అందుకే తెలిసినవాళ్లు కచేరీ మొదట్లోనే కాక చివర కూడా ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టిస్తారు. రెండు చప్పట్ల మధ్య కాలం కెమెరాలో 7200 సెకన్లు, రికార్డరులో 7200.216 సెకన్లు వచ్చిందనుకోండి. మొదటిదానితో రెండోదాన్ని భాగిస్తే 1.00003. ఆడియో వేగాన్ని అంత పెంచాలి. ఇంత చిన్న మార్పుకు శ్రుతి తేడా చెవికి అందదు.

సరిచేశాక చివర ఒక్కటే చూసి ఊరుకోకుండా సరిగ్గా నడిమధ్య ఒక మృదంగం దెబ్బను ఫ్రేము ఫ్రేముగా చూడాలి. అక్కడా కుదిరితే రెండు గడియారాలూ మొదటి నుంచీ నిలకడగానే నడిచాయని అర్థం. రెండు చివరలూ కుదిరి మధ్యలో తప్పితే తేడా సమంగా పెరగలేదన్నమాట. కెమెరా ఎక్కడో ఫ్రేములు వదిలేసి ఉండవచ్చు. ఫోనుతో తీసినదైతే, వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను అదే మార్చుకుని ఉండవచ్చు. అలాంటి ఫైలుకు ఏ ఒక్క భాగహారమూ పనిచేయదు. ఫోను ఫైలైతే ఎడిటింగుకు ముందే, అందులో నమోదైన సమయాల ప్రకారం స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోవాలి. ఫ్రేములు ఊడిపోయిన ఫైలైతే ఊడిన చోటు వెతికి, అక్కడ కోసి, ఆపై ముక్కను విడిగా కలపాలి.