బాణం ఏ వైపు?

పీజీ వైద్య ప్రవేశ పరీక్షకు చదివే ప్రతి విద్యార్థీ ఒక పట్టికను కంఠతా పడతాడు. ఎడమవైపు రక్తంలో కనిపించే పదార్థాలు, కుడివైపు క్యాన్సర్లు. సీఏ-125కి ఎదురుగా అండాశయం, ఏఎఫ్‌పీకి ఎదురుగా కాలేయం, సీఈఏకి పెద్దపేగు, పీఎస్‌ఏకి ప్రొస్టేట్. కింద ఇంకో భాగంలో జన్యువులు: బీసీఆర్-ఏబీఎల్ అయితే దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా, బీరాఫ్ అయితే మెలనోమా. జతపరచండి అంటే గీత గీస్తే మార్కు పడుతుంది. ఇదే పట్టిక ఇప్పుడు పరీక్ష హాలు దాటి ల్యాబుల ప్యాకేజీల్లోకి చేరింది. రొంపిచెర్ల నుంచి నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లి రక్తమిచ్చి వచ్చిన మనిషి ఫోన్‌లోకి సాయంత్రానికల్లా ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో ఒక అంకె లావు అక్షరాల్లో ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పట్టికలో అబద్ధం లేదు. కానీ అది క్యాన్సర్ నుంచి మార్కర్ వైపుకి చదివితే నిజం. మార్కర్ నుంచి క్యాన్సర్ వైపుకి చదివితే చాలాసార్లు తప్పు. కాకి నల్లగానే ఉంటుంది, నల్లగా ఉన్నదల్లా కాకి కాదు. ఈ సంగతి తర్కంగా అందరికీ తెలిసిందే. అంకె చేతికి వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

వెనక్కి చదివినా దాదాపు నిలబడే మార్కర్ ఒకటుంది. దానితోనే మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ఆ కథలో తెలుగువాడి చెయ్యి ఉంది. గర్భం నిలిచినప్పుడు మాయ తయారుచేసే హార్మోను హెచ్‌సీజీ. మాయ కణాలే అదుపు తప్పి పెరిగితే వచ్చేది కోరియోకార్సినోమా. చాలాసార్లు ముత్యాల గర్భం తర్వాత వస్తుంది. మందు లేని రోజుల్లో, ఊపిరితిత్తులకు పాకిందంటే నెలల్లో ప్రాణం తీసే జబ్బు అది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలు నడిపిన కాలంలో, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు అక్కడ తయారయ్యాయి. వాటిలో ఒకటే నేటి మెథోట్రెక్సేట్. ఆ మందు ఈ క్యాన్సర్ మీద ఏం చేయగలదో చూడకుండానే 1948లో ఆయన కన్నుమూశారు. 1956లో మిన్ చూ లీ, రాయ్ హెర్ట్జ్ అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఆ మందును కోరియోకార్సినోమాకి వాడి ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల్లోని గడ్డలు ఎక్స్‌రేలో మాయమయ్యాయి. సాధారణంగా అక్కడితో మందు ఆపాలి. లీ ఆపలేదు. మూత్రంలో హెచ్‌సీజీ ఇంకా కొద్దిగా కనిపిస్తోంది కాబట్టి కంటికి కనపడని కణాలు మిగిలే ఉన్నాయని ఆయన వాదన. ఆరోగ్యంగా కనిపిస్తున్న మనుషులకు విషం లాంటి మందు ఇస్తున్నాడని పైవాళ్లు ఆయన్ని సంస్థ నుంచి పంపించేశారు. తర్వాత తేలిందేమిటంటే, గడ్డలు పోగానే మందు ఆపిన రోగులకు జబ్బు తిరగబెట్టింది. హెచ్‌సీజీ పూర్తిగా పోయేదాకా మందు తీసుకున్నవాళ్లు బతికారు. ఒక గడ్డ క్యాన్సర్‌ను మందుతో నయం చేసిన తొలి సందర్భంగా వైద్య చరిత్ర దాన్నే చెబుతుంది. 1972లో లీకి, హెర్ట్జ్‌కి లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది లీ అడిగిన ప్రశ్నను. ఈ మనిషికి క్యాన్సర్ ఉందా అని ఆయన హెచ్‌సీజీని అడగలేదు. ఉందని ముందే తెలుసు. ఎంత మిగిలింది అని మాత్రమే అడిగాడు. నేటికీ ముత్యాల గర్భాన్ని తొలగించాక డాక్టర్లు చేసేది అదే: వారం వారం హెచ్‌సీజీ చూస్తారు. అంకె దిగుతూ పోతే సంతోషం. మూడు వారాల పాటు తీసిన నాలుగు రీడింగులు కదలకుండా ఒకే దగ్గర నిలిచిపోయినా, రెండు వారాల్లో తీసిన మూడు రీడింగులూ వరసగా పెరుగుతూ పోయినా, క్యాన్సర్‌గా మారిందని తీసుకుని మందు మొదలుపెడతారు. ముక్క తీసి పరీక్షించాలని కూడా పట్టుబట్టరు. ఆ గడ్డలో సూది గుచ్చితే ప్రమాదకరంగా రక్తం పోవచ్చు. ఒక్క రక్తపు అంకెల వరస మీద కీమో మొదలుపెట్టే సందర్భాలు వైద్యంలో చాలా అరుదు.

ఇంత నమ్మదగ్గ మార్కరూ మోసం చేసింది. హెచ్‌సీజీ పరీక్షలో జంతువుల నుంచి తీసిన రెండు యాంటీబాడీలు వాడతారు. కొందరి రక్తంలో ఆ యాంటీబాడీలను పట్టుకునే సొంత యాంటీబాడీలు ఉంటాయి. అవి రెండింటినీ కలిపి బంధిస్తే, హార్మోను చుక్కైనా లేకపోయినా యంత్రం ఉందని చూపిస్తుంది. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక నివేదిక ఇలా పన్నెండు మంది స్త్రీలకు లేని క్యాన్సర్‌ను అంటగట్టారని బయటపెట్టింది. వాళ్లలో చాలామందికి అనవసరంగా కీమో ఇచ్చారు, లేదా ఆపరేషన్ చేశారు. పట్టుకునే ఉపాయం మాత్రం చాలా చవక: మూత్రం పరీక్ష. ఆ అడ్డుపడే యాంటీబాడీలు పెద్ద అణువులు, మూత్రపిండాల జల్లెడ దాటవు. రక్తంలో హెచ్‌సీజీ బాగా ఉండి మూత్రంలో అసలు లేకపోతే అనుమానించాల్సింది పరీక్షను. రక్తాన్ని పలచన చేస్తూ పోతే అంకె అదే నిష్పత్తిలో తగ్గాలి. తగ్గకపోతే అదీ ఒక సాక్ష్యమే.

ఇప్పుడు సీఏ-125 దగ్గరికి వద్దాం. ప్యాకేజీల్లో ఆడవాళ్ల పేరు మీద ఎక్కువగా అమ్ముడయ్యే మార్కర్ ఇదే. 35 యూనిట్లు దాటితే ఎక్కువ అని రాస్తారు. ఈ ప్రోటీన్ అండాశయానికి మాత్రమే సొంతం కాదు. పొట్టలో పేగుల్ని కప్పి ఉంచే పల్చని పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర కూడా దాన్ని విడుదల చేస్తాయి. ఆ పొరలు ఏ కారణంగా రేగినా అంకె పెరుగుతుంది: నెలసరి, గర్భం, ఎండోమెట్రియోసిస్, కాలేయం చెడి పొట్టలో నీరు చేరడం. మన దగ్గర వీటన్నిటికంటే పెద్ద మాయగాడు పొట్టలో వచ్చే టీబీ. ఒక నలభై ఏళ్ల స్త్రీకి పొట్ట ఉబ్బింది, ఒళ్లు తగ్గింది, స్కానింగ్‌లో నీరు కనిపించింది, సీఏ-125 ఐదు వందలు ఉంది అనుకోండి. పట్టిక చూస్తే జవాబు అండాశయ క్యాన్సర్. టీబీలోనూ ఈ నాలుగూ అచ్చం ఇలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే పొట్టలోని నీరు తీసి అందులో ఏడీఏ అనే ఎంజైమును, కణాలను చూడాలి. అదీ తేల్చకపోతే లాప్రోస్కోపీతో ముక్క తీసి పరీక్షకు పంపాలి. టీబీ అయితే ఆరు నెలల మాత్రలతో నీరూ పోతుంది, సీఏ-125 కూడా దిగుతుంది. ఇవేవీ చేయకుండా క్యాన్సర్ అనుకుని పొట్ట కోసి, గర్భసంచి, అండాశయాలు తీసేశాక టీబీ అని తేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో కొల్లలుగా ఉన్నాయి.

మార్కర్లను ఇలా అనుమానించడం మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒకరిద్దరికి అనవసర భయం కలిగినా, ముందుగా పట్టుకుంటే పదిమంది బతుకుతారు కదా అంటారు. వినడానికి కాదనలేని మాట. లెక్క వేసి చూద్దాం. ఏ బాధా లేని, నెలసరి ఆగిన పదివేల మంది స్త్రీలలో నలుగురికి అండాశయ క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష వాళ్లలో ముగ్గురిని పట్టుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో నూటికి ఒకరికి అంకె 35 దాటుతుంది, అంటే దాదాపు వందమంది. వెరసి నూటమూడు లావు అంకెల్లో నిజమైనవి మూడు. అయినా ఆ ముగ్గురి ప్రాణం విలువైనదే కదా అంటే, వాళ్లు బతుకుతారా లేదా అన్నది ఊహించాల్సిన పని లేదు, చేసి చూశారు. అమెరికాలో 78 వేల పైచిలుకు స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. సగం మందికి ఏటేటా సీఏ-125, స్కానింగ్ చేశారు. పరీక్షలు చేసిన జట్టులో అండాశయ క్యాన్సర్‌తో 118 మంది చనిపోయారు, చేయని జట్టులో 100 మంది. లేని క్యాన్సర్ ఉందని అనుమానం తగిలినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది, 163 మందికి దానివల్ల తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. ఒక్క అంకెను కాకుండా అంకె పెరిగే తీరును చూసిన బ్రిటన్ అధ్యయనం ఇంకా పెద్దది, రెండు లక్షల మందితో. అది జబ్బును కొంత ముందే పట్టుకుంది కూడా. 2021లో వచ్చిన తుది లెక్కల్లో మరణాలు మాత్రం తగ్గలేదు. ముందుగా కనిపించడం, ప్రాణం నిలబడడం ఒకటే కావని ఇంతకంటే ఖరీదుగా ఎవరూ రుజువు చేయలేరు.

రక్తపు మార్కర్లు అలా ఉంటే ఉండనీ, జన్యువు తప్పు చెప్పదు కదా అనేది రెండో అభ్యంతరం. జన్యువులో మార్పు జబ్బుకి మూలమే తప్ప పక్క గుర్తు కాదు కాబట్టి ఈ వాదనలో బలం ఉంది. అయితే బీరాఫ్ జన్యువులో వీ600ఈ అనే ఒకే ఒక్క మార్పును తీసుకోండి. దాదాపు సగం మెలనోమాల్లో అది ఉంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఉంది, పెద్దపేగు క్యాన్సర్లలో కొన్నిటిలో ఉంది, అరుదైన హెయిరీ సెల్ ల్యుకేమియాలో ఇంచుమించు అందరిలోనూ ఉంది. ఇంకా చిత్రం, ఏ హానీ చేయని పుట్టుమచ్చల్లో కూడా అత్యధిక భాగంలో అదే మార్పు కనిపిస్తుంది. మార్పు వచ్చిన కణం కొంత పెరిగి, తనంతట తాను ఆగిపోయి, ఏళ్ల తరబడి చర్మం మీద మచ్చగా కూర్చుంటుంది. క్యాన్సర్ కావాలంటే ఇంకా ఎన్నో అడ్డంకులు తెగాలి. మందు విషయంలోనూ అంతే. వీ600ఈని అడ్డుకునే వెమురాఫెనిబ్ మాత్రతో మెలనోమా రోగుల్లో దాదాపు సగం మందికి గడ్డలు కరుగుతాయి. అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కి అదే మాత్ర ఒక్కటే ఇస్తే దాదాపు పనిచేయదు. కారణం 2012లో తెలిసింది: పేగు కణంలో బీరాఫ్ దారి మూస్తే ఈజీఎఫ్‌ఆర్ అనే ఇంకో దారి తెరుచుకుంటుంది, రెండూ కలిపి మూయాలి. జన్యువు పేరొక్కటే తెలిసి అవయవం తెలియకపోతే మందుల చీటీ కూడా రాయలేం.

ఇక బీసీఆర్-ఏబీఎల్. తొమ్మిదో, ఇరవై రెండో క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ అతుకులో పుట్టిన జన్యువు ఇది. తెల్లకణాలు లక్ష దాటి, ప్లీహం ఉబ్బిన మనిషిలో ఈ జన్యువు కనిపిస్తే జబ్బు పేరు ఖాయం. పట్టిక వెనక్కి చదివినా నిలబడే చోటు ఇది. అయినా అత్యంత సున్నితమైన పరీక్షతో వెతికితే ఏ జబ్బూ లేని కొందరి రక్తంలో కూడా దాని ఆనవాలు దొరుకుతుందని 1990లలోనే చూశారు. వాళ్లలో అత్యధికులకు ఎప్పటికీ ల్యుకేమియా రాదు. అందుకే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షను ఆరోగ్యవంతుల ప్యాకేజీలో ఏ బాధ్యత గల డాక్టరూ చేర్చడు.

ఈ జన్యువుకు అసలు ఉద్యోగం జబ్బు పేరు తేలిన తర్వాత మొదలవుతుంది. ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో తక్కువ ధరకు తయారుచేయడంతో మన దగ్గర మామూలు కుటుంబాలకూ అందింది. పేటెంటు వివాదం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో నోవార్టిస్‌కు వ్యతిరేకంగా ముగిసింది. మాత్ర వాడే రోగి మూడు నెలలకోసారి రక్తమిస్తే, బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతం మిగిలిందో కొలుస్తారు. మూడు నెలలకు పది శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. రాకపోతే ముందు అడిగేది మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని, తర్వాతే మందు మార్చే మాట. అంకె ఏళ్ల తరబడి బాగా అడుగున నిలిచినవాళ్లలో కొందరికి డాక్టర్లు మందు పూర్తిగా ఆపి, నెల నెలా కొలుస్తూ పోతారు. సుమారు సగం మందిలో అంకె మళ్లీ లేస్తుంది, ఎక్కువగా తొలి ఆరు నెలల్లోనే. 0.1 శాతం దాటగానే మాత్ర తిరిగి మొదలుపెడితే దాదాపు అందరిలోనూ మళ్లీ దిగుతుంది. మిగిలిన సగం మంది ఏ మందూ లేకుండా ఉంటారు, ఆ పరీక్షకు రక్తమివ్వడం మాత్రం మానరు.