ఐరన్ కాండర్‌లో అడ్జస్ట్‌మెంట్: 20 రూపాయల ఊరటకు అసలు ఖరీదెంత?

నిఫ్టీ ఎక్స్‌పైరీ దాకా ఒక పరిధిలోనే తిరుగుతుందని నమ్మినవాళ్లు వేసే పొజిషన్ ఐరన్ కాండర్. సూచీ 25,000 దగ్గర ఉందనుకుందాం. ట్రేడరు 25,500 కాల్, 24,500 పుట్ అమ్ముతాడు. నష్టానికి హద్దు ఉండాలని 25,700 కాల్, 24,300 పుట్ కొంటాడు. రెండు వైపులా చెరో 30 చొప్పున యూనిట్‌కు 60 రూపాయల ప్రీమియం చేతికొచ్చిందంటే, అదే గరిష్ఠ లాభం. స్ట్రైక్‌ల మధ్య దూరం 200 కాబట్టి గరిష్ఠ నష్టం 140.

నాలుగు రోజుల్లో నిఫ్టీ 25,400కు ఎగబాకిందనుకోండి. కాల్ వైపు గండం దగ్గరపడింది. పుట్ వైపు స్ప్రెడ్ ధర మాత్రం 30 నుంచి 8కి పడిపోయింది. చాలామంది ఇప్పుడు చేసే పని, ఆ పుట్ స్ప్రెడ్‌ను 8కి తిరిగి కొనేసి, 25,000–24,800 పుట్ స్ప్రెడ్‌ను, చెప్పాలంటే 28కి, అమ్మడం. దీన్నే రోలింగ్ అంటారు. ఇంకో 20 రూపాయలు వచ్చాయి. మొత్తం ప్రీమియం 80, గరిష్ఠ నష్టం 120.

మరి ప్రమాదంలో ఉన్న కాల్ వైపు ఏం మారింది? బ్రేక్ ఈవెన్ 25,560 నుంచి 25,580కి జరిగింది, అంతే! నిఫ్టీ ఇంకో 300 పాయింట్లు పెరిగితే ఈ రోలింగ్ దాన్ని ఆపలేదు. నష్టాన్ని 140 నుంచి 120కి తగ్గిస్తుంది. కింది బ్రేక్ ఈవెన్ మాత్రం 24,440 నుంచి 24,920కి ఎక్కి కూర్చుంది. 1,120 పాయింట్ల లాభ పరిధి 660కి కుంచించుకుపోయింది.

అసలు దెబ్బ మార్కెట్ వెనక్కి తిరిగినప్పుడు తగులుతుంది. నిఫ్టీ 24,700 దగ్గర ఎక్స్‌పైరీ అయితే, ముట్టుకోకుండా వదిలేసిన పాత కాండర్‌కు 60 రూపాయలూ దక్కేవి. జరిపినవాడికి 120 నష్టం.

ఇది కాగితం మీది భయం కాదు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 700 పాయింట్లకు పైగా పెరిగి 23,263 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం కాల్ అమ్మినవాళ్లకు పుట్‌లను పైకి జరపాలనిపించడం సహజం. మర్నాడు ఫలితాల రోజున సూచీ 21,884కు కుప్పకూలింది. 5న మళ్లీ 22,620. ఇలాంటి ఊగిసలాటలో రోలింగ్ చేసినవాడు రెండు వైపులా దెబ్బ తినగలడు.

ఇంకో హద్దు కూడా ఉంది. పుట్‌ను జరుపుతూ పోతే అది 25,500 దగ్గర కాల్‌ను తాకుతుంది. అప్పుడది ఐరన్ బటర్‌ఫ్లై అయిపోతుంది. ఆపైన మామూలుగా జరపడానికి చోటుండదు. ఎక్స్‌పైరీకి ఒకటి రెండు రోజులే ఉంటే, దూరపు స్ట్రైక్‌లకు దొరికే ప్రీమియంలో బ్రోకరేజీ, ఎస్‌టీటీ, బిడ్–ఆస్క్ తేడా చాలా భాగం తినేస్తాయి.

రోల్ ఆర్డర్ పెట్టే ముందు రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి: కొత్తగా వచ్చే ప్రీమియం, కోల్పోయే లాభ పరిధి. మొదటిది చిన్నదై రెండోది పెద్దదైతే, ప్రమాదంలో ఉన్న కాల్ స్ప్రెడ్‌నే నష్టానికి మూసేసి బయటపడటం మంచిది.