జవాబు బహుపదిలోనే రావాలి

మాట్రిక్స్ ఇచ్చి కెర్నెల్ కనుక్కోమంటే చకచకా చేసేసే బీఎస్సీ విద్యార్థికి కూడా, నిలువు వరుసల స్థానంలో బహుపదులు కనబడగానే చెయ్యి ఆగుతుంది. నిజానికి లెక్క అదే. దేన్ని సున్నా అంటున్నామో, జవాబు ఏ రూపంలో రాయాలో మరిచిపోకుండా ఉంటే చాలు.

డిగ్రీ 2 దాటని బహుపదులన్నిటినీ తీసుకుని, ఒక్కొక్కదాని మీద ఈ నియమం ప్రయోగిద్దాం:

T(p) = (x+1)p′ − 2p

ఇక్కడ p′ అంటే p కి అవకలనం. T దెబ్బకి సున్నా అయిపోయే బహుపదులన్నీ కెర్నెల్. T నుంచి బయటికి రాగలిగిన బహుపదులన్నీ ఇమేజ్.

p = a + bx + cx² అనుకుంటే p′ = b + 2cx. నియమంలో పెట్టి విస్తరిస్తే x² పదాలు రెండూ కొట్టుకుపోయి ఇది మిగులుతుంది:

T(p) = (b−2a) + (2c−b)x

కెర్నెల్ కోసం దీన్ని సున్నాకి సమానం చేయాలి. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. సమీకరణంలో x కనబడింది కదా అని దాని విలువ కట్టడానికి కూర్చుంటారు. మీ కాగితం మీద "x = ఇంత" అని వచ్చిందంటే దారి తప్పినట్టే. మనకు కావలసింది సున్నా బహుపది. X ఏదైనా సరే అది సున్నాగానే ఉండాలి. అలా ఉండాలంటే గుణకాలు విడివిడిగా సున్నా కావాలి: b = 2a, 2c = b. అంటే c = a. కాబట్టి

p = a(1 + 2x + x²) = a(x+1)²

కెర్నెల్ అంటే (x+1)², దాని గుణిజాలు, అంతే. సరిచూడటం తేలిక: (x+1)² అవకలనం 2(x+1), దాన్ని (x+1)తో గుణించి 2(x+1)² తీసేస్తే ఏమీ మిగలదు.

ఇక ఇమేజ్. ఫలితంలో x² లేదు కాబట్టి డిగ్రీ 1 దాటినదేదీ T నుంచి రాదు. మరి డిగ్రీ 1 లోపువన్నీ వస్తాయా? 3 + 5x కావాలనుకోండి. a = 0, b = 3 పెడితే 2c − 3 = 5, అంటే c = 4. 3x + 4x² మీద T ప్రయోగిస్తే 3 + 5x వచ్చి తీరుతుంది. ఏ m + nx కైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది. కెర్నెల్ డైమెన్షన్ 1, ఇమేజ్ డైమెన్షన్ 2. కలిపితే మనం మొదలుపెట్టిన అంతరాళం డైమెన్షన్ 3. ఈ మొత్తం కుదరకపోతే ఎక్కడో గుణకం తప్పిందన్నమాట.

కెర్నెల్‌ని (1, 2, 1) అని రాసి వదిలేస్తే? 1, x, x² ఆధారంగా, అదే వరుసలో తీసుకున్నప్పుడే ఆ అంకెలకి అర్థం. 1, x+1, (x+1)² అనే ఆధారం ఎంచుకుంటే అదే బహుపది (0, 0, 1) అవుతుంది. పైగా ఈ ఆధారంలో T పని చూడండి: 1 ని −2 చేస్తుంది, x+1 ని −(x+1) చేస్తుంది, (x+1)² ని సున్నా చేస్తుంది. మాట్రిక్స్‌లో వికర్ణం మీద −2, −1, 0 తప్ప మిగతావన్నీ సున్నాలే. సమీకరణాలు సాధించే పని లేకుండా కెర్నెల్, ఇమేజ్ రెండూ అక్కడే కనిపిస్తాయి.