టమాటానా, టమోటానా? లెక్కపెట్టి చూద్దాం

మదనపల్లె మార్కెట్ యార్డుకు వచ్చే ఎర్రటి కాయను ఏమని రాయాలి? టమాటా, టమాట, టమాటో, టమోటా... నాలుగూ కనిపిస్తాయి. రైతులకు ధరలు చెప్పే యాప్ తయారుచేసే కుర్రాడికి ఇది సరదా ప్రశ్న కాదు. యాప్‌కు ‘టమాటా’ ఒక్కటే తెలిసి, రైతు ‘టమోటా’ అని వెతికితే ధర రాదు. ఇలాంటి చోట ‘నాకు తెలిసి ఇదే కరెక్ట్’ అంటే కుదరదు. కార్పస్ భాషా శాస్త్రవేత్తలు చేసే పని ఒకటే: జనం నిజంగా రాసింది పోగుచేసి లెక్కపెట్టడం.

అలా పద్ధతిగా పోగుచేసిన పాఠాల రాశినే కార్పస్ అంటారు. 1961లో అమెరికాలో అచ్చయిన పుస్తకాలు, పత్రికల నుంచి 500 ముక్కలు, ఒక్కోటి సుమారు 2,000 మాటలు తీసుకుని బ్రౌన్ కార్పస్ తయారుచేశారు. మొత్తం పది లక్షల మాటలు. ఇప్పుడు తెలుగు వికీపీడియా మొత్తాన్నీ మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చుకుని మొదలుపెట్టొచ్చు.

అయితే తొలి అడుగులోనే తెలుగు మనల్ని పడేస్తుంది. పైథాన్‌లో మాటలు విడదీయడానికి అందరూ వాడే `\w+` గుణింతాల గుర్తులను అక్షరాలుగా చూడదు. ‘టమాటా’ కాస్తా ‘టమ’, ‘ట’ అని రెండు ముక్కలవుతుంది. అందుకే తెలుగు యూనికోడ్ పరిధిని మనమే చెప్పాలి. ‘మార్కెట్‌లో’ లాంటి మాటల మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటుంటుంది, దాన్నీ ముందే తీసేయాలి.

```python
import re
from collections import Counter
t = open("te.txt", encoding="utf-8").read()
t = t.replace("\u200c", "")
words = re.findall(r"[\u0C00-\u0C7F]+", t)
c = Counter(w for w in words
            if w.startswith(("టమాట", "టమోట")))
print(c.most_common(30))
```

వచ్చిన జాబితాలో టమాటాలు, టమాటాలకు, టమాటను, టమోటాల... అన్నీ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ప్రత్యయాలు మాటకే అతుక్కోవడం తెలుగు స్వభావం కదా. వాటిని మూలరూపం కిందికి చేర్చాలి. ఇక్కడ ఇంకో చిక్కు: కంప్యూటర్ దృష్టిలో టమాటా, టమాటో రెండూ ‘టమాట’తోనే మొదలవుతాయి. ఆ తర్వాతి గుర్తు చూడకుండా కలిపేస్తే ‘టమాట’ ఊరికే గెలిచేస్తుంది. ‘టమాటే’ అని ఉంటే అది ‘టమాట’దా, ‘టమాటా’దా? ఒక్కోసారి వాక్యం చదివినా తేలదు. అలాంటివాటిని పక్కన పెట్టి, ఎన్నో చెప్పడమే నిజాయతీ.

ఇప్పుడు పోలిక. లెక్క అర్థం కావడానికి ఊహించుకుందాం. ఒక కార్పస్‌లో 2 కోట్ల మాటలు, అందులో ‘టమోటా’ 1,600 సార్లు. ఇంకోదానిలో 50 లక్షల మాటలు, ‘టమోటా’ 900 సార్లు. నేరుగా చూస్తే మొదటిదే ఎక్కువ. పది లక్షల మాటలకు ఎన్ని అని లెక్కిస్తే మొదటిదానిలో 80, రెండోదానిలో 180. అంటే రెండోదే ఎక్కువ!

ఆగండి. ఆ 900లో 700 రోజూ ఒకే మూసలో వచ్చే మార్కెట్ ధరల పట్టికవే అయితే? అవి తీసేస్తే మిగిలేది 200, అంటే పది లక్షలకు 40. ఫలితం మళ్లీ తిరగబడింది. అందుకే ఎన్నిసార్లు వచ్చిందన్నదాంతో పాటు ఎన్ని వేర్వేరు వ్యాసాల్లో వచ్చిందన్నది కూడా లెక్కించాలి. రెండు సంఖ్యలూ పొంతన లేకుండా ఉంటే ఎక్కడో ఒకే పాఠం పదేపదే దూరిందని అనుమానించాలి.

సంఖ్య చెప్పనిది చూడాలంటే మాటను దాని అటూ ఇటూ ఉన్న నాలుగైదు మాటలతో కలిపి వరుసగా పేర్చుకోవాలి. దీన్నే కాన్‌కార్డెన్స్ అంటారు. ‘పుంగనూరు’ను ఇలా పేర్చి చూస్తే ఊరి వార్త ఏదో, పుంగనూరు ఆవు వార్త ఏదో విడివిడిగా తెలుస్తుంది. ఉత్త లెక్కలో రెండూ ఒకటే.

ఇన్ని చేసినా కార్పస్ చెప్పేది అందులో ఉన్నదాని గురించే. పత్రికలో డెస్క్ ఒకే రూపం వాడాలని నిర్ణయించుకుంటే ఆ అంకె డెస్క్ నియమాన్ని చూపిస్తుంది, జనం అలవాటును కాదు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం కలిసిన మాట అచ్చులోకి రాకపోతే దాని లెక్క సున్నాయే. కోస్తాలో కొన్నిచోట్ల పెద్దలు టమాటాను ‘రామములక్కాయ’ అంటారు. పైన ఉన్న ప్రోగ్రామ్ దాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే మనం అడగలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం కోసం ఊళ్లలో రైతుల నుంచే పదాలు సేకరించడానికి కారణం ఇదే.

మరి యాప్ కుర్రాడు ఏం చేయాలి? నాలుగు రూపాలనూ వెతుకులాటలో పెట్టి, తెర మీద మాత్రం తన రైతుల ప్రాంతపు పాఠాల్లో ఎక్కువ వ్యాసాల్లో కనిపించినదాన్ని చూపించాలి. ఏది ‘శుద్ధమైనది’ అన్నది ఈ లెక్క తేల్చదు. ఎవరు ఎక్కడ ఏది రాస్తున్నారో తేలుస్తుంది, యాప్‌కు కావలసింది అదే.

ఈ పని చదువుగా నేర్చుకోవాలనుకునేవారికి 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉంది. భారతీయ భాషల కార్పస్‌లు తయారుచేసే భారతీయ భాషల కేంద్రీయ సంస్థ మైసూరులో ఉంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు మాత్రం ఒక మాట ఎంచుకుని, పై లెక్క మీరే పూర్తిగా చేయండి. ఏ అంకెను ఎందుకు నమ్మలేదో చెప్పగలిగితే, మీకు చెప్పుకోవడానికి ఒక ప్రాజెక్టు ఉన్నట్టే.