వరద వేళ అతిథికి వెళ్లాల్సిన కబురు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రం వైపు పరుగులు తీసింది. కోనసీమలో లంకలు మునిగాయి, కాజ్‌వేల మీద పడవలు తిరిగాయి. అలాంటి వారంలో నది ఒడ్డున ఉన్న రిసార్టు తలుపులు మూయక తప్పదు. కానీ నెల ముందే గదులు బుక్ చేసుకుని, రైలు టిక్కెట్లు తీసుకుని, పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని బయల్దేరబోతున్న వాళ్ల సంగతేమిటి? వాళ్లకు ఆ కబురు ఎప్పుడు అందాలి, అందులో ఏముండాలి అన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన పని.

మొదట సమయం చూద్దాం. గోదావరి వరద చెప్పకుండా రాదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరంలో అవే హెచ్చరికలు 10, 13, 17 లక్షల క్యూసెక్కుల దగ్గర వస్తాయి. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి అటూ ఇటూగా ఒక రోజు పడుతుంది. కోనసీమలో రిసార్టు నడిపేవాళ్లకు చేతిలో ఉండే గడువు అదే. భద్రాచలంలో రెండో హెచ్చరిక రాగానే రాబోయే వారం బుకింగుల జాబితా, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత కట్టారో రాసి పెట్టుకోవాలి. మూడోది వస్తే మూసివేత ప్రకటించేయాలి. నీళ్లు పెరట్లోకి వచ్చాక చూద్దాం అనుకుంటే అప్పటికి కరెంటు ఉండదు, సిబ్బంది పరుపులు పై అంతస్తుకు మోస్తుంటారు, ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకమూ ఉండదు.

అందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టి ఊరుకుంటే సరిపోదు. ఈరోజు, రేపు దిగాల్సినవాళ్లకు మనిషి ఫోన్ చేసి చెప్పాలి. హైదరాబాద్ నుంచి నరసాపురం రైలు ఎక్కేవాళ్లు రాత్రికి బయల్దేరతారు, కాబట్టి వాళ్లకు సాయంత్రంలోపే తెలియాలి. ఆ తర్వాతి రోజుల వాళ్లకు మెసేజ్ పంపి, చూడనివాళ్లకు మర్నాడు ఫోన్ చేయాలి. ట్రావెల్ ఏజెంటు ద్వారా బుక్ చేసుకున్నవాళ్ల విషయంలో ఏజెంటుకు చెప్పాం కదా అనుకోకూడదు. దారిలో చిక్కుకునేది ప్రయాణికుడే గనుక అతని నంబరు తీసుకుని నేరుగా చెప్పాలి.

ఇప్పుడు మెసేజ్ సంగతి. జూలై 18న రెండు గదులు తీసుకుని, 9 వేల రూపాయలు కట్టిన కుటుంబానికి 16వ తేదీ మధ్యాహ్నం వెళ్లే మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది:

“దయచేసి 18న బయల్దేరకండి. గోదావరి వరదతో మా రిసార్టుకు వచ్చే రోడ్డు మునిగింది. 17 నుంచి 21 వరకు రిసార్టు మూసి ఉంటుంది. మీరు కట్టిన 9,000 రూపాయలు పూర్తిగా వెనక్కి ఇస్తాం. లేదంటే ఇదే ధరకు డిసెంబరు 31 లోపు మీకు వీలైన తేదీకి మారుస్తాం. ఏది కావాలో బుకింగ్ రసీదు మీదున్న నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. మీ నుంచి జవాబు లేకపోతే 24న డబ్బే పంపిస్తాం. దీనికోసం మేం ఓటీపీ అడగం, లింకులు పంపం. 20 సాయంత్రం 6 గంటలకు మళ్లీ కబురు చేస్తాం.”

ఇందులో వరుస ముఖ్యం. తాళం వేసి ఉన్న ఫోన్ తెర మీద మెసేజ్‌లోని మొదటి వాక్యం, మహా అయితే రెండోది మాత్రమే కనబడుతుంది. అందుకే నమస్కారాలు, విచారాలకంటే ముందు ‘బయల్దేరకండి’ అన్న మాట రావాలి. తర్వాత కారణం. ‘అనివార్య కారణాల వల్ల’ అంటే అతిథికి ఏమీ తెలియదు, వాన తగ్గితే వెళ్లొచ్చేమో అని బయల్దేరే ప్రమాదమూ ఉంది. రోడ్డు మునిగింది అంటే ఇక సందేహం ఉండదు. ఓటీపీ మాట ఎందుకంటే, వరద వార్త బయటికి రాగానే రిఫండ్ ఇప్పిస్తామంటూ ఫోన్ చేసే మోసగాళ్లు తయారవుతారు.

డబ్బు దగ్గరే ఎక్కువ పేచీలు వస్తాయి. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 56వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న పని చేయడం అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లదు. అలా చెల్లకుండా పోయినప్పుడు అప్పటికే పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలని 65వ సెక్షన్ చెబుతుంది. గది ఇవ్వలేని రిసార్టు అడ్వాన్సు ఉంచుకోవడం న్యాయం కాదు. ‘డబ్బు రాదు, ఇంకో తేదీకి రండి’ అని ఒకే దారి చూపడం కూడా న్యాయం కాదు. తేదీ మార్చుకోవడం అతిథి ఇష్టంగా ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బుకింగ్ యాప్‌లో గది తీసుకున్నవాళ్లకు ‘మీరే యాప్‌లో క్యాన్సిల్ చేసుకోండి’ అని చెబుతారు. అతిథి తన వైపు నుంచి రద్దు చేస్తే యాప్ దాన్ని సొంతంగా మానుకున్నట్టు లెక్కగట్టి, షరతుల ప్రకారం కొంత డబ్బు కోసుకోవచ్చు. రద్దు రిసార్టు వైపు నుంచే జరగాలి, మూసివేత వల్ల అని యాప్‌వాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. అతిథికేమో ‘మీరేమీ నొక్కకండి, మేమే చేస్తున్నాం’ అని చెప్పాలి.

పంపే మార్గంలోనూ ఒక చిక్కుంది. మన దేశంలో సంస్థలు మూకుమ్మడిగా పంపే ఎస్ఎంఎస్‌లకు ముందుగానే డీఎల్‌టీ వ్యవస్థలో నమూనా నమోదు చేయించాలి. మారే తేదీలు, మొత్తాల స్థానంలో ఖాళీలు వదిలి మిగతా వాక్యాలు స్థిరంగా ఉంచాలి. నమోదు లేని మెసేజ్ అతిథికి చేరదు. వరద వచ్చాక ఆ పని మొదలుపెడితే అనుమతి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. పైగా ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అక్షరాలు 160 పడితే, తెలుగులో రాసినప్పుడు 70 మాత్రమే పడతాయి. గుణింతాలు, ఒత్తులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పై మెసేజ్ అంతా తెలుగులో వెళ్తే ఎన్నో ఎస్ఎంఎస్‌ల ఖర్చవుతుంది. అందుకని ఎస్ఎంఎస్‌లో మొదటి మూడు వాక్యాలు, వాట్సాప్‌లో పూర్తి పాఠం పంపడం మేలు. వాట్సాప్‌లోనూ బిజినెస్ ఏపీఐ ద్వారా మూకుమ్మడిగా పంపాలంటే నమూనాకు ముందస్తు ఆమోదం కావాలి.

ఇక తెరిచే తేదీ. 21 వరకు మూసి ఉంటుందని చెప్పొచ్చు గానీ, 22న తెరుస్తామని మాటివ్వకూడదు. నది తగ్గినంత మాత్రాన రిసార్టు సిద్ధమైపోదు. గదుల్లో పేరుకున్న ఒండ్రు తీయాలి. బావి, బోరు నీళ్లలో క్లోరిన్ కలిపి శుభ్రం చేయాలి. తడిసిన వైరింగు ఆరాక ఎలక్ట్రీషియన్ చూసి సరేననాలి. నిండిపోయిన సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించాలి. పొదల్లోంచి, స్టోరు గదుల్లోంచి పాములు వెళ్లగొట్టాలి. ఇవన్నీ అయ్యేదాకా ‘ఫలానా రోజు ఫలానా సమయానికి మళ్లీ చెబుతాం’ అన్నదే నిజాయితీ గల మాట. చెప్పిన గంటకు చెప్పడానికి కొత్త సంగతేమీ లేకపోయినా, ‘ఇంకా తెరవలేదు’ అనే మెసేజ్ పంపాలి.

రిసార్టు నడిపేవాళ్లు ఈ నమూనాలను జూన్‌లోనే, తొలకరికి ముందే నమోదు చేయించి పెట్టుకోవాలి. వానాకాలంలో గోదావరి ఒడ్డుకు ప్రయాణం కట్టేవాళ్లు బుక్ చేసేటప్పుడే ‘వరద వచ్చి మీరు మూసేస్తే డబ్బు పూర్తిగా ఇస్తారా’ అని అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తీసుకోవాలి. ఇవ్వాల్సిన డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.