ఇంజినీరింగ్ ప్రాస్పెక్టస్‌లో చూడాల్సింది సీటు కోటా.. హాస్టల్ పేజీ

నల్గొండ: ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడిన నాటి నుంచి ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల ప్రాస్పెక్టస్‌లు పల్లెలకు సైతం చేరుతున్నాయి. రంగు రంగుల పుటల్లో ప్రయోగశాలలు, ఉద్యోగాల వివరాలు ముందు కనిపిస్తాయి. తల్లిదండ్రులపై నాలుగేళ్ల భారాన్ని నిర్ణయించే మూడు అంశాలు మాత్రం చివరి పుటల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి సీటు కోటా, ఫీజు, హాస్టల్ నిబంధనలు.

సీటు ఏ కోటాలోది?

ప్రైవేటు కళాశాలలో 70 శాతం సీట్లను ఎప్‌సెట్ ర్యాంకు ఆధారంగా కన్వీనర్ భర్తీ చేస్తారు. దీనినే ఎ కేటగిరీ అంటారు. మిగిలిన 30 శాతం బి కేటగిరీ, అనగా యాజమాన్య కోటా. ప్రవాస భారతీయుల సీట్లు ఇందులోనివే. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన కన్వీనర్ సీట్లను కళాశాలలు స్పాట్ ప్రవేశాల ద్వారా ఇస్తాయి. తరగతి గది, అధ్యాపకులు, పట్టా అందరికీ ఒక్కటే. అయితే ప్రభుత్వం చెల్లించే బోధన రుసుము కన్వీనర్ కేటాయింపు పొందిన అర్హులకే వర్తిస్తుంది. యాజమాన్య కోటా, స్పాట్ ప్రవేశాలకు అది రాదు. 'స్పాట్‌లో చేరినా స్కాలర్‌షిప్ వస్తుంది' అని ఎవరైనా చెబితే నమ్మరాదు. కన్వీనర్ జారీ చేసిన కేటాయింపు పత్రం చేతిలో ఉందా లేదా అన్నదే ఇక్కడ గుర్తు.

ఫీజు లెక్క ఇలా..

ప్రాస్పెక్టస్‌లోని ట్యూషన్ ఫీజును రాష్ట్ర ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ ఖరారు చేసిన మొత్తంతో సరిచూసుకోవాలి. ప్రవేశ, విశ్వవిద్యాలయ రుసుములు దీనికి అదనం.

తెలంగాణలో ఆదాయ పరిమితికి లోబడిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ట్యూషన్ ఫీజును ప్రభుత్వం చెల్లిస్తుంది. బీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆ పైన సాధారణంగా ఏటా రూ.35 వేల వరకే లభిస్తుంది.

ఉదాహరణకు ఏటా ట్యూషన్ ఫీజు రూ.95 వేలు, హాస్టల్ రుసుము రూ.లక్ష ఉన్న కళాశాలను తీసుకుందాం. అర్హత గల బీసీ విద్యార్థికి 28 వేల ర్యాంకుతో కన్వీనర్ సీటు వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే రూ.35 వేలు పోగా ఏటా రూ.60 వేల చొప్పున నాలుగేళ్లకు రూ.2.40 లక్షలు తండ్రి చెల్లించాలి. అదే విద్యార్థి స్పాట్‌లో చేరితే రూ.3.80 లక్షలు అవుతుంది. ఎక్కడ చేరినా హాస్టల్‌కు మరో రూ.4 లక్షలు కావాలి. కన్వీనర్ సీటు పొందిన ఈ కుటుంబానికి చదువు కంటే వసతి ఖర్చే ఎక్కువన్నమాట.

ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే ఏం చేస్తారన్నది చేరే ముందే అడగాల్సిన ప్రశ్న. బకాయిల విడుదల కోరుతూ 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. సొమ్ము వచ్చే వరకు విద్యార్థి నుంచి పూర్తి ఫీజు వసూలు చేస్తారా, కోర్సు ముగిశాక ధ్రువపత్రాలు ఆపుతారా అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. యాజమాన్య కోటాలో డొనేషన్ వసూలును 1983 నాటి చట్టం నిషేధించింది. చెల్లించే ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి.

హాస్టల్ పేజీలో..

హాస్టల్ రుసుమును నియంత్రణ కమిటీ నిర్ణయించదు. కనుక అది ఏటా పెరిగే అవకాశం ఉంది. రుసుము ఎన్ని నెలలకు, ఒక గదిలో ఎందరు, సెలవు రోజుల మెస్ సొమ్ము తగ్గిస్తారా, కాషన్ డిపాజిట్ తిరిగి ఎప్పుడు ఇస్తారు, మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన సొమ్ము వస్తుందా అన్నవి చూడాలి. చాలాచోట్ల ఏడాది మొత్తం ముందే కట్టించుకుని, మధ్యలో వెళితే తిరిగి ఇవ్వమని రాసి ఉంటుంది. ఆహారం పడక నెలకే బయటకు వచ్చే విద్యార్థికి ఈ ఒక్క వాక్యం వల్లే వేల రూపాయలు నష్టం. తొలి ఏడాది వాయిదాల్లో కట్టే వీలు అడగడం మేలు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ సంక్షేమ కళాశాల వసతి గృహాల్లో సీటుకు కూడా వెంటనే దరఖాస్తు చేసుకోవాలి.

అవుట్‌పాస్ నిబంధన హాజరుతో ముడిపడి ఉంది. ఇంటికి తరచూ పంపితే హాజరు 75 శాతం లోపుకు పడిపోతుంది. అప్పుడు పరీక్షకు అనుమతితో పాటు బోధన రుసుము చెల్లింపూ చిక్కుల్లో పడుతుంది.

సీటు వదులుకుంటే..

తరగతులు ప్రారంభం కాకముందే సీటు రద్దు చేసుకుంటే రూ.వెయ్యికి మించకుండా మినహాయించి మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఆదేశించింది. తర్వాత ఎప్పుడు మానుకున్నా మిగిలిన సంవత్సరాల ఫీజు అడగరాదు, అసలు ధ్రువపత్రాలను పట్టి ఉంచరాదు. ఇందుకు విరుద్ధమైన షరతు దరఖాస్తులో కనిపిస్తే సంతకానికి ముందే ప్రశ్నించాలి. రద్దు కోరుతూ ఇచ్చే లేఖ నకలుపై తేదీతో కార్యాలయ ముద్ర వేయించుకోవాలి. సొమ్ము రాకుంటే ఫిర్యాదుకు ఆ నకలే ఆధారం.