గుడ్డు నడిమికి వేడి చేరేదెప్పుడు?

మరుగుతున్న నీళ్లలో వేసిన గుడ్డు పూర్తిగా ఉడకడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే ఒకరు 8 నిమిషాలంటారు, ఒకరు 10, మరొకరు 12. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. గుడ్డు ఎంత పెద్దది, ఫ్రిజ్‌లోంచి తీశారా బుట్టలోంచి తీశారా, మీ ఊళ్లో నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అన్నవి చెప్పకపోతే ఆ ప్రశ్నకు జవాబు లేదు. అవి చెబితే మాత్రం పొయ్యి వెలిగించక ముందే లెక్క కట్టవచ్చు.

ముందు ‘ఉడకడం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. పచ్చసొన 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలై, 70కి గట్టిపడుతుంది. కాబట్టి గుడ్డు నట్టనడుమ 70 డిగ్రీలు రావాలి అనుకుందాం. తర్వాత గుడ్డును గోళం అనుకుందాం. నిజానికి అది కోలగా ఉంటుంది, పెంకు వేరు, తెల్లసొన వేరు, పచ్చసొన వేరు. అయినా లెక్కకు ఇది చాలు. గోళంలో వేడి ఎలా నడుస్తుందో ఫ్రాన్స్ గణితవేత్త ఫూరియర్ 1822లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. ఆయన చూసింది కాలిన గోళం చల్లారడం. దాన్నే తిరగేస్తే మన గుడ్డు.

వేడికి దారిలో రెండు అడ్డంకులు. మొదటిది నీళ్ల నుంచి పెంకుకు చేరడం, రెండోది పెంకు నుంచి నడిమికి చేరడం. లోపలి అడ్డంకి బయటి దానికి ఎన్ని రెట్లో చెప్పేది బయో సంఖ్య. మరిగే నీళ్లలో మామూలు గుడ్డుకు అది దాదాపు 45 వస్తుంది. అంటే నీళ్లు వేడిని అందించడంలో ఆలస్యం లేదు. ఆలస్యమంతా గుడ్డు లోపలే. అప్పుడు సూత్రం ఇంత చిన్నదవుతుంది:

```
t = r² / (9.44 α) × ln[ 2 (Tw − T0) / (Tw − Tc) ]
```

ఇందులో r గుడ్డు వ్యాసార్ధం, α గుడ్డులో వేడి వ్యాపించే వేగం (సెకనుకు సుమారు 0.15 చదరపు మిల్లీమీటర్లు), Tw నీళ్ల వేడి, T0 మొదట్లో గుడ్డు వేడి, Tc నడుమ మనకు కావలసిన వేడి. 9.44 అన్నది బయో సంఖ్య 45 అయినప్పుడు వచ్చే అంకె.

యాభై గ్రాముల పైచిలుకు గుడ్డును 4.5 సెంటీమీటర్ల గోళంగా తీసుకుంటే లాగరిథమ్ ముందున్న భాగం 358 సెకన్లు, అంటే దాదాపు 6 నిమిషాలు. గుడ్డు బయట 30 డిగ్రీల దగ్గర ఉంది, నీళ్లు 100. లోపలి భాగం 140ని 30తో భాగించినది. దాని లాగరిథమ్ 1.54. గుణిస్తే 9 నిమిషాల 10 సెకన్లు. అదే గుడ్డు ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీల చల్లదనంతో వస్తే 11 నిమిషాలు. సముద్రమట్టానికి ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి కానీ, దానివల్ల పెరిగేది పావు నిమిషమే. నీళ్లు 88 దగ్గరే మరిగే లేహ్‌లో మాత్రం బుట్టలోని గుడ్డుకే 11 నిమిషాలు పడుతుంది.

పరిమాణం సంగతి ఇంకా గట్టిది. కాలం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అడ్డంగా అర సెంటీమీటరు పెద్దదైన గుడ్డుకు 2 నిమిషాలు ఎక్కువ కావాలి. చిన్నవీ పెద్దవీ ఒకే గిన్నెలో వేసి ఒకేసారి దించితే కొన్ని జారుగా, కొన్ని పొడిపొడిగా రావడానికి కారణం ఇదే.

మంట పెంచితే? ఇక్కడే చాలామంది గ్యాస్ వృథా చేస్తారు. నీళ్లు ఎగిరిపడుతూ మరిగి, పెంకుకు వేడి రెట్టింపు జోరుతో అందిందనుకున్నా మన 9 నిమిషాల్లో తగ్గేది 12 సెకన్లే. మరుగు ఆగకుండా ఉంటే చాలు. అయితే కొద్ది నీళ్లలో చాలా గుడ్లు ఒక్కసారి వేస్తే నీళ్లే చల్లబడతాయి, అప్పుడు 100 అని వేసిన లెక్క తప్పుతుంది.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మరొకటి. నడుమ 70 డిగ్రీలు వచ్చిన క్షణంలో గుడ్డు మొత్తం సగటు వేడి దాదాపు 90. నీళ్లలోంచి తీసి పళ్లెంలో పెట్టినా బయటి పొరల్లోని వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది, నడుమ 70 దాటి పోతుంది. అతిగా ఉడికిందని పచ్చసొన చుట్టూ బూడిదాకుపచ్చ వలయం చెబుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి కట్టిన రంగు అది. తిన్నా హాని లేదు. అది వద్దనుకుంటే, గడియారం చూసి గుడ్డు తీసిన వెంటనే చన్నీళ్లలో వేయండి, నీళ్లు వేడెక్కితే ఒకసారి మార్చండి.